అప్‌డేట్: పరకాల దగ్గరి రెండెకరాలు కౌలుకా, పాలుకా?

నేను అడిగింది: "హైదరాబాద్‌లో ఉంటాం. ఊళ్లో రెండెకరాల పత్తి చేను కౌలుకు ఇవ్వాలా, సగం పాలుకా? ఎన్నేళ్లకు? గెట్టు ఎవరు చూసుకోవాలి?"

చివరికి కౌలుకే ఇచ్చాం, ఎకరానికి 15,000. పాలు లెక్క కూడా వేశాం. ఎకరానికి 8 క్వింటాళ్లు, క్వింటాలు 7,000 అనుకుంటే 56,000. మా సగం 28,000. విత్తనాలు, మందులు, ఏరుడు కూలి కలిపి ఖర్చు 30,000లో మా వాటా 15,000 పోతే మిగిలేది 13,000. పది క్వింటాళ్లు పండితే పాలే లాభం, కానీ ఏరేటప్పుడు, కాంటా పెట్టేటప్పుడు మనిషి దగ్గరుండాలి. మాకు అది కుదరదు.

ఉగాది నుంచి ఉగాదికి, ఒక్క ఏడాదికే కాగితం రాసుకున్నాం. సగం ముందే, మిగతాది పత్తి అమ్మాక. రైతు భరోసా మా ఖాతాలోనే పడుతుంది కాబట్టి కౌలు ఇంకా తగ్గించమని కౌలుదారు అడిగాడు. అడగడం న్యాయమే, 15,000 అలా కుదిరిందే.

అసలు టెన్షన్ గెట్టుది. పక్క చేనాయన ట్రాక్టర్ ఏటా కొంచెం కొంచెం లోపలికి దున్నుతోంది. దున్నకముందే ఇద్దరినీ నిలబెట్టి హద్దురాళ్లు పాతించి, ఫోటోలు తీశాం. రాళ్ల ఖర్చు మాది, గెట్టు మీద గడ్డి కోసి మట్టి ఎత్తేది కౌలుదారు. రాయి కదిలితే వెంటనే ఫోన్ చేయాలని కాగితంలోనే రాశాం.