అప్‌డేట్: అమ్మకి రాత్రి డౌన్‌లోడ్ నేర్పడం, ఆమదాలవలస

నా ప్రశ్న: "రోజుకు 1.5 జీబీ ప్లాన్. చెల్లి వీడియో పాఠాలు రాత్రిపూట దించి పెట్టడం అమ్మకి ఎలా చెప్పాలి?"

అప్‌డేట్: కుదిరింది. "ఇవాళ మిగిలిన డేటా అర్ధరాత్రి 12కి పోతుందమ్మా, ఆ తర్వాత దించితే రేపటి కోటా ఖర్చవుతుంది" అన్నాను. ఇప్పుడు పదిన్నరకే మొదలుపెడుతోంది. 600 ఎంబీ మిగిలితే, 360p లో ఒక్కోటి దాదాపు 200 ఎంబీ అయ్యే పాఠాలు రెండే పెట్టమన్నాను. మూడోది పెడితే కోటా అయిపోయే అంచున వేగం పడిపోయి పాకుతూ ఉంటుంది, 12 దాటగానే కొత్త కోటా తినేస్తుంది.

మొదట ఏదీ కదలలేదు. యూట్యూబ్ సెట్టింగ్స్‌లో `Download over Wi-Fi only` ఆన్‌లో ఉంది, ఆఫ్ చేయించాను. (అది వెతికించడానికే సగం టెన్షన్!) పొద్దున్న మొబైల్ డేటా ఆపి వీడియో ఆడించి చూస్తే దిగిందో లేదో తెలిసిపోతుంది.