రెండు వైపులా మిడిల్ థర్డ్ లోపలే ఉన్నా మూలలో గీత ఎందుకు పడింది?

షెడ్డు సైట్, గుంటూరు

నమస్కారమండీ. గోడౌన్ షెడ్డు, లోపల మెజనైన్ ఉంది. ఒక స్టీలు కాలమ్ కింద పెడస్టల్ 600 × 400 మి.మీ., ఎత్తు 900. ఎం20 కాంక్రీటే గానీ లోపల ఊచలు లేవు. ఫుటింగ్ ఆరాక దాని మీద పోశారు, డోవెల్సూ లేవు. మార్కింగ్ తప్పి కాలమ్ సెంటరు, పెడస్టల్ సెంటరు కలవలేదు. దారం కట్టి కొలిస్తే పొడవు వైపు 75, వెడల్పు వైపు 50 మి.మీ. తేడా వచ్చింది. మెజనైన్ నిండితే లోడు 240 కిలోన్యూటన్లు.

600లో మూడో వంతు 200, అంటే సెంటరుకి అటు 100, ఇటు 100. 400లో అయితే అటూ ఇటూ 67. నా 75, 50 రెండూ లోపలే. అయినా లోడు జరిగిన మూలకి ఐమూలగా అవతలి మూలలో, పెడస్టల్ ఫుటింగ్ మీద కూర్చునే చోట, సన్న గీత కనిపిస్తోంది. మూల నుంచి పొడవు ముఖం మీద 180, వెడల్పు ముఖం మీద 120 మి.మీ. దాకా ఉంది. ఇది ష్రింకేజా, లోడు వల్ల వచ్చిందా?

డిప్లొమా ఫైనలియర్

ష్రింకేజే అయ్యుంటుంది సార్. యావరేజి స్ట్రెస్ 1 అనుకుంటే పొడవు వైపు 1 ± 0.75, అంటే 1.75, 0.25. వెడల్పు వైపు చేసినా సరిగ్గా అవే వస్తున్నాయి. రెండింట్లో ఎక్కడా మైనస్ రాలేదు కాబట్టి టెన్షన్ లేదు.

రిటైర్డ్ ఏఈ

లెక్క తప్పు కాదు బాబూ, సగంలో ఆపేశావు. లోడు ఒకేసారి రెండు వైపులా జరిగింది. అలాంటప్పుడు పొడవు వైపు వంపు, వెడల్పు వైపు వంపు రెండూ ప్రతి మూలకీ కలిసి చేరతాయి. విడివిడిగా చూస్తే వచ్చే 0.25 ముఖం మధ్యలో ఉండే విలువ. మూలకి ఇంకా 0.75 తీసెయ్యాలి.

```
P/A    = 240000 / (600 × 400) = 1.0 N/mm²
6·ex/b = 6 × 75 / 600 = 0.75
6·ey/d = 6 × 50 / 400 = 0.75

A = 1 + 0.75 + 0.75 = +2.5
B = 1 + 0.75 − 0.75 = +1.0
C = 1 − 0.75 + 0.75 = +1.0
D = 1 − 0.75 − 0.75 = −0.5
```

A అంటే లోడు జరిగిన మూల, D దాని ఎదురు మూల. గీత పడింది D దగ్గరే. నాలుగూ కూడి నాలుగుతో భాగిస్తే మళ్లీ 1 రావాలి. రాలేదంటే గుర్తు ఎక్కడో తారుమారు చేసినట్టే. పరీక్షలోనైనా సైటులోనైనా ఈ ఒక్క సరిచూపు మానొద్దు.

మిడిల్ థర్డ్ అనగానే అందరూ మధ్యలో 200 × 133 దీర్ఘచతురస్రం గీసుకుంటారు. ఆ రూలు చెప్పేది లోడు ఒక మధ్యరేఖ మీదే జరిగినప్పటి సంగతి. రెండు వైపులా జరిగితే సురక్షితమైన జాగా ఆ దీర్ఘచతురస్రం కాదు, దాని నాలుగు భుజాల మధ్య బిందువుల్ని కలిపితే వచ్చే డైమండు. షరతు ఇదీ:

```
ex/b + ey/d ≤ 1/6
75/600 + 50/400 = 0.125 + 0.125 = 0.25  >  0.167
```

డైమండు వైశాల్యం దీర్ఘచతురస్రంలో సగమే. అంటే సురక్షితం అనుకున్న జాగాలో సగం నిజానికి టెన్షన్ జాగా. సరిగ్గా ఆ దీర్ఘచతురస్రం మూలలోనే లోడు పెట్టారనుకోండి, A దగ్గర +3, D దగ్గర −1 వస్తుంది. పొడవు వైపు 75 జరిగాక వెడల్పు వైపు మీకు మిగిలేది 16 మి.మీ. మాత్రమే. మీరు 50 జరిగారు.

కాంపౌండ్ గోడ పని

మాదీ ఇదే సమస్య సార్. హద్దు గోడకి ఆనించి కాలమ్ వేశాం, ఫుటింగ్ 1.5 × 1.5 మీటర్లు. కాలమ్ 230 మందం, ఫుటింగ్ అంచుకే ఉంది. లోడు 150 కిలోన్యూటన్లు, నేల 200 మోస్తుందన్నారు. యావరేజి 67 వచ్చింది కాబట్టి సేఫే కదా?

రిటైర్డ్ ఏఈ

మీది వేరే సంగతండీ. అక్కడ లోడు ఒక వైపే జరిగింది, కానీ చాలా జరిగింది. అంచు నుంచి లోడు దాకా 115 మి.మీ. మట్టి లాగి పట్టుకోదు కాబట్టి ఒత్తిడి త్రిభుజంగా మారుతుంది. త్రిభుజం భారకేంద్రం లోడు కిందే ఉండాలి గనక నేలకి ఆనే పొడవు 3 × 115, అంటే 345 మి.మీ. మిగతా మీటరు పైచిలుకు ఊరికే ఉన్నట్టే. అంచు దగ్గర 2 × 150 / (0.345 × 1.5) = 580 కిలోపాస్కల్స్. మీ 200కి మూడు రెట్లు. లోపలి కాలమ్‌కి స్ట్రాప్ బీమ్ కట్టి ఆ తిరుగుడుని ఆపాలి. ఫుటింగు లోపలి వైపు ఎంత పెంచినా ఆ 345 మారదు. దీనికి వేరే పోస్టు పెట్టండి, ఇక్కడ కలిపేస్తే రెండూ చెడతాయి.

స్ట్రక్చరల్ డిజైనర్, హైదరాబాద్

ఏఈ గారి లెక్కకి ఒక చేర్పు. D దగ్గర −0.5 అనేది జాయింటు లాగుడు పట్టుకుంటేనే నిజం. ఇక్కడ డోవెల్ లేని పాత-కొత్త కాంక్రీటు జాయింటు. అది విడిపోతే ఆ మూలలో స్ట్రెస్ సున్నా అవుతుంది, అక్కడి వాటా మిగతా భాగం మోయాలి. ఒక వైపు కేసులో పైన చెప్పిన త్రిభుజం సరిపోతుంది. మూల ఒక్కటే లేచినప్పుడు అంత తేలిక సూత్రం లేదు, విడిపోయే గీత ఎక్కడుందో ఊహించి లోడూ మొమెంటూ కుదిరేదాకా సరిచేసుకుంటూ పోవాలి. మీ కొలతలకి అలా చేస్తే విడిపోయే త్రిభుజం పొడవు ముఖం మీద 221, వెడల్పు ముఖం మీద 148 మి.మీ. A దగ్గర 2.5 కాస్తా 2.55 అవుతుంది. ఎం20కి నేరుగా నొక్కే ఒత్తిడి ఐఎస్ 456 ప్రకారం 5 దాకా ఒప్పుకుంటారు కాబట్టి నలిగే భయం లేదు.

ఇక ష్రింకేజా కాదా అన్నది. మీ గీత 180/600, 120/400. రెండు ముఖాల మీదా సరిగ్గా 0.30 వంతు. లెక్కలో రెండు వైపులా 0.37 వంతు. చివర గీత ఎంత సన్నబడుతుందంటే కంటికి ఆనదు, కాబట్టి కొంత తక్కువ కనిపించడం మామూలే. ష్రింకేజ్ అయితే ఇలా మూల దగ్గర లావుగా మొదలై రెండు వైపులా ఒకే వంతులో సన్నబడాల్సిన పనిలేదు, చాలావరకు చుట్టూ ఒకే తీరుగా ఉంటుంది. ఫీలర్ గేజి పెట్టి చూడండి. మూలలో ఏ రేకు దూరుతుంది?

షెడ్డు సైట్, గుంటూరు

మూలలో 0.10 రేకు దూరింది మేడమ్. 60 మి.మీ. దాటాక దూరలేదు. చుట్టూ మిగతా జాయింట్లో ఎక్కడా 0.05 కూడా దూరలేదు.

స్ట్రక్చరల్ డిజైనర్, హైదరాబాద్

అయితే ఒక చిక్కుంది. ఎం20 సాగే గుణం దాదాపు 22,000. 0.5 స్ట్రెస్‌కి 900 ఎత్తు మొత్తం లెక్కేసినా సాగుడు 0.02 మి.మీ. మించదు. ఒట్టి ఈ లోడుకే 0.10 తెరుచుకోదు. ఇంకేదో తోడైంది. గాలికి గానీ బ్రేసింగ్ వల్ల గానీ పెడస్టల్ తల మీద అడ్డంగా తోపుడు ఉందా? 6 కిలోన్యూటన్లే ఉందనుకోండి, కింద 5.4 కిలోన్యూటన్ మీటర్ల మొమెంటు. లోడు 240 ఉన్నప్పుడు అది 22 మి.మీ. జరిగినట్టు లెక్క. మెజనైన్ ఖాళీ అయి 100కి దిగితే అదే తోపుడు 54 మి.మీ. అవుతుంది. 75కి 54 కలిస్తే 129, పొడవు వైపే 100 దాటిపోయింది. అందుకే ఎక్కువ లోడుకి నలుగుడు చూడాలి, తక్కువ లోడుకి విడిపోవడం చూడాలి. చాలామంది మొదటిదే చూసి వదిలేస్తారు.

రిటైర్డ్ ఏఈ

మేడమ్, అసలు ఆ జాయింటు మీద లేటెన్స్ పొర వదిలేసి పోసి ఉంటారని నా అనుమానం. పాలు తేలిన ఆ మెత్తటి పొర A కింద నలిగితే D వైపు ఇంకా తెరుచుకుంటుంది. ఉలితో గరుకు చేసి, కడిగి పోసిన జాయింటు 0.5 లాగుడు పట్టుకునేదే.

స్ట్రక్చరల్ డిజైనర్, హైదరాబాద్

పట్టుకోవచ్చండీ, కానీ నేను లెక్కలో పెట్టను. ఎవరు గరుకు చేశారో, ఎంత కడిగారో డ్రాయింగులో ఉండదు.

రిటైర్డ్ ఏఈ

పెట్టమని నేనూ అనను. పాత పనిని చూసేటప్పుడు మాత్రం అది అసలు లేదనుకుంటే ప్రతి జాయింటూ పగలగొట్టాల్సి వస్తుంది.

డిప్లొమా ఫైనలియర్

సార్, ఇంతకుముందు నేను చెప్పింది తప్పని అర్థమైంది. ఇళ్లలో వేసే 230 × 450 కాలమ్స్‌కి కూడా ఈ డైమండు లోపలే ఉండాలా?

స్ట్రక్చరల్ డిజైనర్, హైదరాబాద్

అక్కర్లేదు. అక్కడ లాగుడు ఊచలు తీసుకుంటాయి. ఐఎస్ 456లో కనీస ఎక్సెన్‌ట్రిసిటీ 20 మి.మీ.కి తగ్గకూడదని, లోడూ మొమెంటూ కలిపి ఇంటరాక్షన్ చార్టులతో చూడొచ్చని ఉంది. డైమండు పనికొచ్చేది ఊచ లేని కాంక్రీటు, రాతి కట్టుబడి, ఇటుక పిల్లర్లు, ఫుటింగ్ కింది మట్టి, ఇలా లాగి పట్టుకోలేని చోట్లే.

షెడ్డు సైట్, గుంటూరు

సరే మేడమ్. మరి ఇప్పుడేం చెయ్యాలి? చుట్టూ 100 జాకెట్ వేసేద్దామని కాంట్రాక్టరు అంటున్నాడు.

రిటైర్డ్ ఏఈ

చుట్టూ సమానంగా వేస్తే సెంటరు కదలదు, 75, 50 అలాగే ఉంటాయి. సైజు పెరిగినందుకు కొంత మేలే. 800 × 600 అయితే 75/800 + 50/600 = 0.177, ఇంకా 0.167 దాటే ఉంది. అదే లోడు జరిగిన వైపు మాత్రమే, జరిగిన దానికి రెండింతలు కలపండి: పొడవులో 150, వెడల్పులో 100. 750 × 500 అవుతుంది, సెంటరు సరిగ్గా కాలమ్ కిందకి వస్తుంది. కాంక్రీటూ తక్కువే పడుతుంది.

అయితే పోసిన మాత్రాన కొత్త భాగం పాత లోడు మోయదు. మెజనైన్ ఖాళీ చేసి, కాలమ్‌కి ప్రాపులు పెట్టి లోడు తగ్గించాకే పొయ్యాలి. పాత ముఖం ఉలితో గరుకు చేసి, 12 మి.మీ. ఊచలు పాత పెడస్టల్లోకీ ఫుటింగ్‌లోకీ రంధ్రాలు వేసి ఎపాక్సీతో దించండి. బేస్ ప్లేటు కొత్త భాగం మీదకి రాకపోతే లోడు ఆ డోవెల్స్ మీదుగానే దిగాలి, వాటి సంఖ్య లెక్క కట్టించుకోండి.

స్ట్రక్చరల్ డిజైనర్, హైదరాబాద్

అంతకంటే ముందు ఫుటింగ్ సైజు, నేల ఎంత మోస్తుందో చెప్పండి.

షెడ్డు సైట్, గుంటూరు

1.5 × 1.2 మీటర్లు, సాయిల్ రిపోర్టులో 200 కిలోపాస్కల్స్.

స్ట్రక్చరల్ డిజైనర్, హైదరాబాద్

ఫుటింగ్ కూడా పెడస్టల్‌తో పాటే జరిగి ఉంటే 75/1500 + 50/1200 = 0.092, డైమండు లోపలే. మట్టి అంతటా ఆనుతుంది. యావరేజి 133, ఎక్కువున్న మూలలో 133 × 1.55 = 207, తక్కువున్న మూలలో 60. 200కి ఏడు ఎక్కువ, పైగా ఫుటింగ్ సొంత బరువు కలపలేదు. ఆ 200 నెట్టా గ్రాసా అన్నది రిపోర్టులో చూస్తేనే తేలుతుంది. అలా కాకుండా ఫుటింగ్ గ్రిడ్ లైను మీద సరిగ్గానే ఉండి పెడస్టల్ ఒక్కటే పక్కకి పోసి ఉంటే కాలమ్ ఫుటింగ్ సెంటరు మీదే ఉన్నట్టు. అప్పుడు మట్టి దగ్గర 133 సమానంగా వస్తుంది, ఏఈ గారి జాకెట్టుతో పని అయిపోతుంది.

షెడ్డు సైట్, గుంటూరు

అది చూడలేదండీ. రెండు పక్కల మట్టి తీయించి ఫుటింగ్ అంచుల నుంచి కాలమ్ దాకా కొలిచి పెడతాను. అడ్డం తోపుడు ఎంతో డ్రాయింగు వాళ్లని అడిగాను, ఇంకా జవాబు రాలేదు.