11×13 హాల్లో అట్మాస్: స్లాబుకు రెండు స్పీకర్లు బిగించడం దండగా?

హంటర్‌రోడ్ శీను
హన్మకొండలో మాది 11 అడుగుల వెడల్పు, 13 అడుగుల పొడవున్న హాలు. స్లాబు ఎత్తు 10 అడుగులు, ఫాల్స్ సీలింగ్ లేదు, నడిమధ్యలో ఫ్యాను. సోఫా వెనక గోడకు ఆనుకొని ఉంటుంది. ముందు మూడు, పక్కన రెండు స్పీకర్లు, బేస్‌కు ఒక సబ్‌వూఫర్ ఉన్న 5.1 సెట్టు ఇప్పటికే ఉంది, రిసీవర్‌లో ఇంకో రెండు స్పీకర్లకు ఛానళ్లు ఖాళీ. నెత్తి మీద నుంచి కూడా శబ్దం వినిపించే డాల్బీ అట్మాస్ కోసం పైన రెండు స్పీకర్లు బిగించమని ఒకరు అంటున్నారు. ముందు స్పీకర్ల మీద పెట్టి పైకి కొట్టే రకం చాలని ఇంకొకరు. మనం చూసేవాటిలో అసలు అట్మాస్ ఎక్కడుందని మూడో ఆయన. ఏది నమ్మాలి?

పాతస్టీరియో
మూడో ఆయన్ని నమ్ము తమ్ముడూ. ఇంట్లో నడిచేవి సీరియళ్లు, క్రికెట్, యూట్యూబ్. కేబుల్లో వచ్చేది ఎక్కువగా స్టీరియోనే, యూట్యూబ్‌లో అట్మాస్ లేదు. ఓటీటీలో అట్మాస్ అని రాసినా అది పేరుకే, అసలు అట్మాస్ బ్లూరే డిస్కులోనే. పైగా టీవీ శబ్దాన్ని రిసీవర్‌కు పంపే హెచ్‌డీఎంఐ దారి ఆర్క్, దాని కొత్త రకం ఈఆర్క్. టీవీకి ఆ ఈఆర్క్ లేకపోతే ఆ పేరుకు ఉన్నది కూడా రిసీవర్ దాకా రాదు. టీవీ మార్చాలి, స్పీకర్లు కొనాలి, స్లాబుకు తూట్లు పొడవాలి. అదే డబ్బుతో మంచి సబ్‌వూఫర్ కొనుక్కుంటే ప్రతి సినిమాకూ పనికొస్తుంది.

నర్సంపేట వస్త్రాలయం
మా షాపులో సీలింగ్‌కు గుండ్రటి స్పీకర్లు పెట్టించి చాలా కాలమైంది, ఇప్పటికీ ఒక్క రిపేరు రాలేదు. ఒకే వైరు మీద అన్నీ వరసగా కలిపేశారు. పొద్దున సుప్రభాతం, తర్వాత పాటలు, షాపంతా ఒకే తీరుగా వినిపిస్తుంది. రెండు మిగిలి ఉన్నాయి, కావాలంటే ఇస్తాను శీను గారూ. ఇంత చర్చ ఎందుకో అర్థం కాలేదు.

మంకమ్మతోట
వస్త్రాలయం అన్నా, మీవి 100 వోల్టుల లైను స్పీకర్లు అయి ఉంటాయి. వాటిలో చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, షాపు ఆంప్లిఫయర్‌కే సరిపోతాయి. ఇంటి రిసీవర్‌కు కలిపితే గొంతు సన్నబడుతుంది, బేస్ రాదు. మీకు కావాల్సింది ఎక్కడ నిలబడినా ఒకే శబ్దం. ఇక్కడ కావాల్సింది దానికి పూర్తిగా ఎదురు: సోఫాలో కూర్చున్న మనిషికి ఏ శబ్దం ఎటు నుంచి వస్తుందో తేడా తెలియాలి.

శీను గారూ, ముందు పైకి కొట్టే రకం సంగతి చూద్దాం. దాని శబ్దం స్లాబుకు తగిలి మీ చెవికి రావాలి. అది తగిలే చోటు దాదాపుగా స్పీకరుకూ చెవికీ సగం దూరంలో ఉంటుంది. మీ హాల్లో ముందు స్పీకరు ముందు గోడ నుంచి ఒక అడుగు, మీ చెవి వెనక గోడ నుంచి అడుగున్నర ఉందనుకుందాం. సగం దూరం అంటే వెనక గోడ నుంచి ఆరు ముప్పావు అడుగులు. మీ ఫ్యాను ఉన్నది ఆరున్నర అడుగుల దగ్గర. ముందు స్పీకరు గది మధ్య గీత నుంచి మూడున్నర అడుగులు పక్కకు ఉంటే, తగిలే చోటు ఆ గీతకు ఒకటి ముప్పావు అడుగు పక్కన పడుతుంది. 48 అంగుళాల ఫ్యాను రెక్క మధ్య నుంచి రెండు అడుగుల దాకా తిరుగుతుంది. అంటే శబ్దం సరిగ్గా రెక్కల్లోంచి పోయి రావాలి. మే నెలలో వరంగల్‌లో ఫ్యాను ఆపి సినిమా చూసేవాళ్లు ఎవరున్నారు?

స్లాబుకు బిగించే రెండింటి లెక్క ఇంకా తేలిక. కూర్చున్నప్పుడు చెవి నేల నుంచి మూడున్నర అడుగులు, స్లాబు పది, మధ్యలో ఆరున్నర. రెండే పై స్పీకర్లు ఉన్నప్పుడు చెవి నుంచి చూస్తే అవి 65 నుంచి 100 డిగ్రీల మధ్య ఉండాలని డాల్బీ చెబుతుంది. 90 అంటే నెత్తి మీద, 65 అంటే కొంచెం ముందుకు. మీ ఎత్తుకు 65 డిగ్రీలంటే చెవికి మూడు అడుగులు ముందు, అంతకు మించి పోవద్దు. చెవికి రెండు అడుగులు ముందు, అంటే వెనక గోడ నుంచి మూడున్నర అడుగుల దగ్గర పెడితే ఫ్యాను రెక్క అడ్డం రాదు. అటూ ఇటూ మాత్రం ముందు స్పీకర్ల వరసలోనే ఉండాలి. నాలుగు పెట్టమని ఎవరైనా చెబితే వినకండి, సోఫా గోడకు ఆనుకొని ఉంటే వెనక జతకు చోటే లేదు.

ఇంతకీ ఒక ప్రశ్న. ఇప్పుడున్న పక్క స్పీకర్లు ఎంత ఎత్తులో ఉన్నాయి?

హంటర్‌రోడ్ శీను
పక్క గోడలకు, ఏడు అడుగుల ఎత్తులో. పిల్లల చేతికి అందకూడదని, దర్వాజా పైన బ్రాకెట్లకు పెట్టించాం. దానికీ దీనికీ సంబంధం ఏంటక్కా?

మంకమ్మతోట
ఉన్న సంబంధమంతా అదే. మన ఇళ్లల్లో పక్క స్పీకర్లను అందరూ అక్కడే పెడతారు. 5.1 వరకు పెద్ద నష్టం లేదు. పైన ఇంకో జత వచ్చాక మాత్రం, ఏడు అడుగుల దగ్గర ఉన్నదీ పది అడుగుల దగ్గర ఉన్నదీ చెవికి దాదాపు ఒకే వైపు నుంచి వస్తాయి. వాన పైన కురుస్తున్నట్టూ అనిపించదు, పక్కన కురుస్తున్నట్టూ అనిపించదు. "డబ్బు పెట్టినా తేడా ఏమీ లేదు" అని చాలామంది అనేది ఇందుకే. పక్కవాటిని చెవి ఎత్తుకు, మహా అయితే దానికి ఒక అడుగు పైన ఉండేలా దించండి. అది కుదరదంటే పై స్పీకర్లు కొనకండి, నిజంగానే దండగ.

పాతస్టీరియో గారు చెప్పిన దాంట్లో సగం సరైనదే. డిస్కులో వచ్చే ట్రూహెచ్‌డీ అట్మాస్ టీవీ మీదుగా రావాలంటే ఈఆర్క్ కావాలి. ఓటీటీలో వచ్చేది డాల్బీ డిజిటల్ ప్లస్‌లో చుట్టిన అట్మాస్, అది మామూలు ఆర్క్‌లో కూడా వస్తుంది. డిస్కు ప్లేయర్‌ను నేరుగా రిసీవర్‌కే కలిపితే ఈఆర్క్ గొడవే లేదు. టీవీ మార్చే ముందు దాని సౌండ్ సెట్టింగ్ చూడండి. డిజిటల్ ఆడియో `PCM` మీద ఉంటే అట్మాస్ టీవీలోనే ఆగిపోతుంది. `Auto` లేదా `Passthrough` పెట్టాలి.

కాజీపేట జంక్షన్
నేను మంకమ్మతోట గారితో ఏకీభవించను. మా ఫ్లాట్‌లో పైకి కొట్టే రకమే పెట్టాను, హెలికాప్టర్ నెత్తి మీద నుంచే పోతుంది. మా ఆవిడ కూడా తలెత్తి చూసింది. బయట గూడ్సు బండి పోయేటప్పుడు ఏదీ వినపడదు, అది వేరే సంగతి.

మంకమ్మతోట
మీ సీలింగ్ ఎలాంటిది? ఫ్యాను ఉందా?

కాజీపేట జంక్షన్
సాదా జిప్సమ్ సీలింగ్, 9 అడుగులు. ఏసీ ఉంది కాబట్టి హాల్లో ఫ్యాను తీసేశాం.

మంకమ్మతోట
అందుకే పనిచేస్తోంది. చదునుగా, గట్టిగా, అడ్డం లేకుండా ఉన్న సీలింగ్ దానికి కావాలి. అదే చోట ఆఫీసుల్లో వేసే మెత్తటి ఫైబర్ పలకలు ఉండి ఉంటే శబ్దాన్ని మింగేసేవి. మీ గదికి మీరు చేసింది సరైనదే, శీను గారి గదికి కాదు.

పాతస్టీరియో
సరే, ఆర్క్ సంగతి ఒప్పుకుంటాను. కానీ అసలు ప్రశ్న కంటెంట్ కదా, దాని జోలికి ఎవరూ పోవడం లేదు. రెండున్నర గంటల సినిమాలో పై స్పీకర్లు మోగేది ఎంతసేపు?

మంకమ్మతోట
సినిమాను బట్టి. మాటలున్న సీన్లలో పైన దాదాపు ఏమీ ఉండదు. వాన, గాలి, ఉరుము, గుడిలో మోత, బ్యాక్‌గ్రౌండ్ స్కోరులో వెనక వినిపించే మోత, ఇవే ఎక్కువ. పరీక్ష చేసుకోవచ్చు. రిసీవర్ పవర్ ఆపి, పై రెండు తప్ప మిగతా వాటి వైర్లు రిసీవర్ వెనక నుంచి ఊడదీసి, కొసలు ఒకదానికొకటి తగలకుండా పక్కకు పెట్టి, సబ్‌వూఫర్ ఆపేసి సినిమా నడపండి. రిసీవర్ సెట్టింగ్‌లో మాత్రం మిగతా స్పీకర్లను తీసేయొద్దు. అలా తీస్తే వాటి శబ్దాన్ని కూడా ఉన్నవాటికే పంచేస్తుంది, పరీక్ష తప్పుతుంది.

అసలు జాగ్రత్త పడాల్సింది తెలుగు డబ్బింగ్ దగ్గర. ఒకే సినిమాకు ఒరిజినల్ భాషలో అట్మాస్ ఉండి, తెలుగు ట్రాక్ మాత్రం 5.1 లేదా స్టీరియో ఉండటం చాలాసార్లు చూస్తాం. పోస్టర్ మీద ఉన్న గుర్తు చూసి మురిసిపోకుండా, తెలుగుకు మార్చాక రిసీవర్ డిస్‌ప్లే చూడండి. `Dolby Atmos` అని వస్తే అట్మాసే. `Dolby Surround` లేదా `DSur` అని వస్తే రిసీవరే మామూలు ట్రాక్‌లోంచి కొంత శబ్దాన్ని పైకి పంపుతున్నట్టు. నెట్‌ఫ్లిక్స్‌లో అయితే ప్రీమియం ప్లాన్ లేకుండా అట్మాస్ రాదు.

పాతస్టీరియో
చూశారా! మొత్తం మీద ఒరిజినల్ భాషలో చూసే ఇంగ్లిష్ సినిమాలకు, కొన్ని తెలుగు సినిమాలకు మాత్రమే. మిగతాదంతా రిసీవర్ ఊహించి పంపేది.

మంకమ్మతోట
ఆ ఊహ అంత చెడ్డదేమీ కాదు. క్రికెట్‌లో స్టేడియం గోల కొంత పైకి పోతుంది, బాగానే ఉంటుంది. పాత పాటలకు మాత్రం ఆపేసి స్టీరియోలోనే వింటాను. మీ ఇంట్లో సినిమాల కంటే సీరియళ్లే ఎక్కువైతే మీ మాటే నెగ్గుతుంది, కాదనను. సబ్‌వూఫర్ ముందా, పై స్పీకర్లు ముందా అన్నది ఇప్పుడున్న సబ్ వినకుండా నేను చెప్పలేను.

హంటర్‌రోడ్ శీను
వారానికి రెండు మూడు సినిమాలు చూస్తాం, అందులో ఇంగ్లిష్‌వీ ఉంటాయి. పక్క స్పీకర్లు దించడానికి ఇంట్లో ఒప్పుకున్నారు, పిల్లలు పెద్దవాళ్లయ్యారు కదా. ఇప్పుడు టెన్షన్ అంతా స్లాబు. ఫ్యాను వైరు పోయే పైపులోంచే స్పీకర్ వైరు లాగుతానంటున్నాడు ఎలక్ట్రీషియన్.

మంకమ్మతోట
వద్దు. అందులో 230 వోల్టుల కరెంటు వైర్లున్నాయి. దాని పక్కన ఇది లాగితే గుంయ్‌మని మోత రావచ్చు. ఇన్సులేషన్ దెబ్బతింటే కరెంటు రిసీవర్‌లోకి వస్తుంది, అది ఇంకా ప్రమాదం. గోడ మూలన, తర్వాత స్లాబు అంచున తెల్ల ప్లాస్టిక్ కేసింగ్ పట్టీ కొట్టించి అందులో లాగండి. స్పీకరు దాకా ఇరవై అయిదు, ముప్పై అడుగులు పడుతుంది, 16 గేజ్ రాగి వైరు చాలు. కిలో, రెండు కిలోల స్పీకర్లు తీసుకుంటే బ్రాకెట్లు మామూలు యాంకర్లతో నిలబడతాయి. డ్రిల్లు ఇనుప చువ్వకు తగిలి ఆగితే బలవంతం చేయనివ్వకండి, అంగుళం పక్కకు జరపమనండి.

బిగించాక రిసీవర్‌లో ఆ ఖాళీ ఛానళ్లు దేనికో చెప్పే `Amp Assign` సెట్టింగ్ చూడటం మరిచిపోవద్దు. అది `Surround Back` మీదే ఉంటే పై స్పీకర్లు మోగుతాయి కానీ వెనక ఛానల్ శబ్దంతో. టెస్ట్ టోన్ పెట్టినప్పుడు స్క్రీన్ మీద ఏ పేరు వస్తుందో చూస్తే తెలిసిపోతుంది. `Top Middle` రావాలి. ఆ తర్వాత మైకు పెట్టి కాలిబ్రేషన్ మళ్లీ చేయండి, పాత లెక్కలు ఇక పనికిరావు.

నర్సంపేట వస్త్రాలయం
కేసింగ్ పట్టీ మా దగ్గర మిగిలింది ఉంది శీను గారూ. స్పీకర్లు వద్దన్నారు, ఇదైనా తీసుకోండి.

పాతస్టీరియో
ఫ్యాను మూడో స్పీడులో, పక్కన కూలరు తిరుగుతుంటే పైన వాన వినపడుతుందో లేదో మే నెలలో వచ్చి చెప్పు తమ్ముడూ. నా అనుమానం నాకుంది.

మంకమ్మతోట
కూలరు తిరిగితే నిజంగానే కష్టం. పై స్పీకర్ల లెవెల్ ఒకటి రెండు డెసిబెల్స్ పెంచుకోవచ్చు, అంతకంటే పెంచితే మాటల సీన్లలో పైన గుసగుస మొదలవుతుంది. దానికి నా దగ్గర మందు లేదు.