పూర్ణమదః మంత్రంలో ‘ఆదాయ’ అంటే తీసివేయడమేనా?

కావలి పాఠకుడు

మా వీధి రామమందిరం గోడ మీద ‘పూర్ణమదః పూర్ణమిదం పూర్ణాత్ పూర్ణముదచ్యతే, పూర్ణస్య పూర్ణమాదాయ పూర్ణమేవావశిష్యతే’ అన్న మంత్రాన్ని అర్థంతో సహా రాయిస్తున్నాము. ‘పూర్ణంలో నుంచి పూర్ణాన్ని తీసివేసినా పూర్ణమే మిగులుతుంది’ అని నేను రాసి ఇచ్చాను. ఆ అర్థం తప్పని ఒకరు, అది అనంతం గురించిన లెక్క అని మరొకరు అంటున్నారు. అక్షరాలు రాసే ఆయన ఆదివారం వస్తున్నారు. ఏది రాయించమంటారు?

కందుకూరు లెక్కల మాస్టారు

మీరు రాసి ఇచ్చినదే ఉంచండి. 1, 2, 3 అంటూ సాగే సంఖ్యలన్నిటిలో నుంచి సరిసంఖ్యలను తీసివేయండి. తీసినవీ అంతులేనివే, మిగిలిన బేసిసంఖ్యలూ అంతులేనివే. పందొమ్మిదో శతాబ్దంలో జార్జ్ కాంటర్ సమితుల ద్వారా తేల్చి చెప్పిన విషయాన్ని మన ఋషులు రెండు పాదాల్లో చెప్పారు. పదో తరగతి పిల్లలకు నేను ఈ మంత్రంతోనే అనంతాన్ని పరిచయం చేసేవాడిని.

మూలాపేట సంస్కృతాధ్యాపకుడు

మాస్టారూ, మీ లెక్క తప్పు కాదు గానీ, అది మంత్రానికి సరిపోదు. అవే సంఖ్యలలో నుంచి పది దాటినవన్నీ తీసివేయండి. తీసినవి అంతులేనివే, కానీ మిగిలినవి పదే. అన్నిటినీ తీసివేస్తే ఏమీ మిగలదు. అంటే ఏది మిగులుతుందన్నది మనం ఏవి తీశామన్నదాన్ని బట్టి మారుతుంది. మంత్రమేమో ‘పూర్ణమేవ’ అని, ‘ఏవ’ పెట్టి, మరో అవకాశం లేకుండా చెప్పింది.

ఇక మాటల సంగతి చూద్దాము. ఈశావాస్యానికి ముందు శాంతిపాఠంగా మనం చదివే ఈ మంత్రం ఉపనిషత్తు లోపల కనిపించేది బృహదారణ్యకం ఐదో అధ్యాయం మొదట్లో. శంకరులు దీనికి భాష్యం రాసింది కూడా అక్కడే. ఈశావాస్య భాష్యాన్ని ఆయన నేరుగా ‘ఈశా వాస్యం’తోనే ప్రారంభించారు. బృహదారణ్యక భాష్యంలో ‘ఆదాయ’ అన్న మాటకు ఆయన ‘గృహీత్వా’ అని అర్థం చెప్పారు. అంటే తీసివేసి అని కాదు, గ్రహించి అని. కార్యరూపంగా కనిపిస్తున్న ఈ పూర్ణానికి ఉన్న పూర్ణత్వాన్ని గ్రహించి, ‘ఇది వేరు, అది వేరు’ అని అవిద్య వల్ల తోచే భేదాన్ని విద్యతో తొలగించినప్పుడు, లోపలా వెలుపలా అన్న తేడా లేని బ్రహ్మమే మిగులుతుందని ఆయన అన్వయం. అక్కడ తొలగిపోయేది భేదభావం మాత్రమే, పూర్ణం కాదు.

విభక్తిని కూడా గమనించండి. మొదటి అర్ధంలో ‘పూర్ణాత్’ అని పంచమి ఉన్నది, కనుక ‘పూర్ణం నుండి’ అని నిస్సందేహంగా చెప్పవచ్చు. రెండో అర్ధంలో అది ‘పూర్ణస్య’ అని షష్ఠిగా మారింది. ‘నుండి’ అనే అర్థమే కావలసి ఉంటే, ముందు వాడిన పంచమిని ఎందుకు వదులుకోవాలి?

ఒంగోలు గృహిణి

నాకు చాలా రోజులుగా ఒక సందేహం ఉన్నదండీ. మాది కృష్ణయజుర్వేదం, తైత్తిరీయ శాఖ. మా నాన్నగారు ఎప్పుడూ ‘సహ నావవతు’ చెప్పేవారు. ఆయన పోయిన తరువాత నేను సాయంత్రం దీపం పెట్టి, విని నేర్చుకున్న ‘పూర్ణమదః’ చదువుకుంటున్నాను. మా శాఖది కాని శాంతి మంత్రం చదవడం దోషమని బంధువులు అన్నారు. నిజమేనా?

మూలాపేట సంస్కృతాధ్యాపకుడు

అమ్మా, ఇక్కడి చర్చ అర్థం గురించి సాగుతున్నది, అయినా మీ ప్రశ్నకు జవాబు చెబుతాను. ముక్తికోపనిషత్తు 108 ఉపనిషత్తులను వేదాల వారీగా విభజించి, శుక్లయజుర్వేదానికి చెందిన 19 ఉపనిషత్తులకు ‘పూర్ణమదః’ను, కృష్ణయజుర్వేదానికి చెందిన 32 ఉపనిషత్తులకు ‘సహ నావవతు’ను శాంతిపాఠాలుగా చెప్పింది. ఆ నియమం ఏ ఉపనిషత్తు చదివేటప్పుడు ఏ శాంతి చెప్పాలన్నదాని గురించి. దీపం ముందు కూర్చుని మీరు చేసుకునే ప్రార్థనకు దాన్ని అడ్డం తేవలసిన పని లేదని నా అభిప్రాయం. నాన్నగారి మంత్రాన్ని కూడా విడిచిపెట్టకండి.

పొదిలి రైతుబిడ్డ

అనంతం కుదరకపోతే సున్నను పెట్టి చూడండి. సున్నలో నుంచి సున్న తీస్తే ఎప్పుడైనా సున్నే మిగులుతుంది, అధ్యాపకులు అడిగిన ‘ఏవ’ కూడా నిలుస్తుంది. పాత గణిత గ్రంథాలలో ‘పూర్ణం’ అన్న మాటను సున్నకు సంకేతంగా వాడారు. మన భాషలోనూ ‘ం’ను నిండు సున్న అనీ, పూర్ణానుస్వారం అనీ అంటున్నాము కదా.

మా ఇంట్లో బియ్యపు డబ్బా అడుగు కనిపించి, గ్లాసు రేకుకు గీసుకుని గరగరమన్నప్పుడు కూడా మా అమ్మ ‘అయిపోయాయి’ అనేది కాదు, ‘బియ్యం నిండుకున్నాయి’ అనేది. ఖాళీని నిండు అనడం మనకు కొత్త కాదు.

మూలాపేట సంస్కృతాధ్యాపకుడు

మీరు చెప్పిన వాడుకలు రెండూ నిజమే, అమ్మగారి మాట నాకు ఎంతో నచ్చింది. అయితే లేమిని నోటితో అనకూడదని మనవాళ్లు ‘నిండుకున్నాయి’ అన్నారు. ఆ మాటలో ఖాళీని దాచే మర్యాద ఉన్నది. మంత్రంలో దాచవలసిన ఖాళీ లేదు. ‘ఉదచ్యతే’ అన్న క్రియను చూడండి. దానికి మూలమైన ధాతువు నుంచే ‘ఉదంచనం’ అన్న మాట వచ్చింది. బావిలో నుంచి నీళ్లు తోడే పాత్రకు ఆ పేరు. అథర్వవేదం పదో కాండలో దీనికి దగ్గరి మంత్రం ఒకటి ఉన్నది: ‘పూర్ణాత్ పూర్ణముదచతి పూర్ణం పూర్ణేన సిచ్యతే’. నిండైన దాని నుంచి నిండైనది పైకి వస్తుంది, నిండైన దానితో నిండైనది తడుస్తుంది అని దాని అర్థం. తోడడం, తడపడం అనే క్రియలు ఉన్నచోట ఊట ఉన్న బావి గుర్తుకు రావాలి గానీ, సున్న ఎలా గుర్తుకు వస్తుంది?

కందుకూరు లెక్కల మాస్టారు

పది సంఖ్యల ఉదాహరణను ఒప్పుకుంటున్నాను. కానీ మీ విభక్తి వాదానికి నాకొక అభ్యంతరం ఉన్నది. ఇది అనుష్టుప్పు, పాదానికి ఎనిమిది అక్షరాలు. ‘పూర్ణస్య పూర్ణమాదాయ’ సరిగ్గా ఎనిమిది. అక్కడ ‘పూర్ణాత్’ పెడితే ఏడే వస్తాయి. షష్ఠి అర్థం కోసం కాక, ఛందస్సు కోసం వచ్చి ఉండవచ్చు కదా?

పైగా మీరు బావి అన్నారు. బావిలో నీళ్లు తోడడమంటే తీయడం కాదా?

మూలాపేట సంస్కృతాధ్యాపకుడు

అక్షరాలు లెక్కపెట్టి చూశాను, మీరు చెప్పినది నిజమే. షష్ఠి ఒక్కదాన్నే ఆధారంగా చూపడం నా పొరపాటు; దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. బావి సంగతికి వస్తే, తోడడం మొదటి అర్ధంలోని క్రియ. ‘ఆదాయ’ రెండో అర్ధంలోది, ఆ రెంటినీ ఒకటి చేయలేము.

శంకరుల అన్వయం ఒక్కటే ఉన్నదని కూడా నేను అనను. ఆయన అదే చోట విపులంగా ఖండించిన భర్తృప్రపంచుడి పక్షంలో కారణమూ పూర్ణమే, దాని నుంచి వచ్చిన కార్యమూ నిజమైన పూర్ణమే. సముద్రమూ అలలూ వంటివి. ప్రళయంలో కార్యపు పూర్ణత్వాన్ని తనలోకి తీసుకుని కారణం పూర్ణంగానే మిగులుతుంది. ఆయన ప్రకారం ‘ఆదాయ’ నిజంగా తీసుకోవడమే. అయితే అది అల సముద్రంలోకి తిరిగి చేరడం వంటిది, పలక మీద చేసే తీసివేత కాదు. పరస్పరం విభేదించిన ఆ ఇద్దరిలో ఎవరూ మీరనే తీసివేతను చెప్పలేదన్నది నాకు పెద్ద ఆధారంగా తోస్తున్నది.

కందుకూరు లెక్కల మాస్టారు

వ్యాఖ్యాతలు చెప్పనంత మాత్రాన మంత్రకర్త మనసులో ఆ అర్థం లేదని తేలదు. ఈ ఒక్క విషయంలో నేను మీతో ఏకీభవించలేను.

కావలి పాఠకుడు

అందరికీ నమస్కారాలు. ‘తీసివేసినా’ అన్న మాటను మార్చి, ‘అది పూర్ణం, ఇది పూర్ణం. పూర్ణం నుండి పూర్ణం వెలువడుతున్నది. పూర్ణపు పూర్ణత్వాన్ని గ్రహించగా పూర్ణమే మిగులుతున్నది’ అని కాగితం మీద రాసుకున్నాను. ‘గ్రహించగా’ బదులు ‘తీసుకొనగా’ అని ఉంటే రెండు పక్షాలకూ చోటు ఉంటుందేమోనని కూడా అనిపిస్తున్నది. ఆదివారం లోపల అధ్యాపకులు గారు ఒక మాట చెబితే దాన్నే రాయిస్తాను.

మూలాపేట సంస్కృతాధ్యాపకుడు

‘తీసుకొనగా’ అనే రాయించండి. ‘పూర్ణమదః’లో విసర్గ పోకుండా చూడండి, గోడల మీద చాలాచోట్ల ‘పూర్ణమద’ అని వదిలేస్తున్నారు. మూడు శాంతులకూ విసర్గలు ఉండాలి.