అప్‌డేట్: కలలో టాయిలెట్ వెతుకులాట ఆగింది

నా ప్రశ్న: "రోజూ తెల్లవారుజామున ఒకటే కల. పెళ్లి మండపమంతా టాయిలెట్ కోసం తిరుగుతాను, దొరికిన ప్రతిదానికీ తలుపుండదు. ఎందుకు?"

అందరికీ ధన్యవాదాలు. మూత్రం కొలిచి 3 రోజులు రాయమన్న సలహాయే దారి చూపింది. రోజు మొత్తంలో దాదాపు సగం రాత్రే వస్తోంది. ఆ కాగితం, వాచిన నా చీలమండలు చూసి డాక్టర్‌గారు చెప్పారు: పగలంతా నిలబడే పని వల్ల కాళ్లలో చేరిన నీరు, పడుకోగానే రక్తంలోకి తిరిగొచ్చి మూత్రమవుతోందట. నిండిన మూత్రాశయమే కలలోకి వస్తోందన్నమాట. తలుపులేని గదులు, నిద్రలోనూ నేను ఆపుకుంటున్నందుకేనని నాకనిపిస్తోంది.

షుగర్, గుండె పరీక్షల్లో ఏమీ తేలలేదు. స్వప్నఫలాలకూ దీనికీ సంబంధం లేదు. సాయంత్రం గంటసేపు కాళ్లు ఎత్తులో పెట్టుకుని పడుకుంటే ఆ నీరు నిద్రకు ముందే పోతోంది. రెండు వారాలుగా ఆ కల రాలేదు.