అప్‌డేట్: రాతి నేలకు ఏ ఎర్తింగ్ రాడ్డు?

నా ప్రశ్న: పొడి రాతి నేలలో ఇంటి ఎర్తింగ్‌కు రాగి, జీఐ, కెమికల్ రాడ్లలో ఏది మేలు?

చివరికి జీఐ పైపు వేయించాను. నిరోధం దాదాపు అంతా నేలదే, లోహానిది కాదు. మా నేల రెసిస్టివిటీ సుమారు 1000 ఓమ్-మీటర్లు. 16 మి.మీ. రాడ్డును 3 మీటర్ల లోతుకు దించితే, రాగిదైనా ఇనుముదైనా, లెక్కకు 335 ఓములు వస్తాయి. 150 మి.మీ. బోరు వేసి చుట్టూ తడి బెంటొనైట్ బంకమన్ను నింపితే అది సుమారు 216కు తగ్గుతుంది. కెమికల్ రాడ్డు బలమంతా ఈ పూరకంలోనే ఉంది.

అయినా 216 ఓముల గుండా 230 వోల్టులకు ఒక ఆంపియరే పారుతుంది. దానికి ఎంసీబీ పడదు. అందుకే లీకేజీ కరెంటును పసిగట్టి సరఫరా తెంచే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరిగా పెట్టించాను. అది పడకుండా ఎర్త్‌పై నిలిచి ఉండగల లీకేజీ వోల్టేజీ ఏడు వోల్టులు దాటదు. బెంటొనైట్ ఎండితే కుంచించుకుపోయి పైపును వదిలేస్తుంది కనుక గుంతకు నీళ్లు పోస్తూ, వేసవి చివర్లో మళ్లీ కొలిపిస్తాను.