కస్టమర్లు అడ్డంగా ఉన్న కొలతల షీట్: ఒకేసారి తిప్పేసి పాతది మూసేయాలా, ఫార్ములాతో ముడిపెట్టి రెండూ ఉంచాలా?

కొత్తపేట బొటిక్:
మా బ్లౌజ్ కొలతల షీట్‌లో A కాలమ్‌లో పేరు, ఫోన్, తేదీ, పొడవు, భుజం, చెస్ట్ అంటూ చివర బాకీ దాకా 16 వరుసలున్నాయి. ఒక్కో కస్టమర్‌ది ఒక్కో కాలమ్. B నుంచి LA దాకా 312 మంది. మాస్టర్ గారు కొలతల పుస్తకంలో రాసినట్టే పైనుంచి కిందకి కొడుతూ వచ్చారు. ఇప్పుడు బాకీ ఉన్నవాళ్లను ఫిల్టర్ చేయాలన్నా, కవర్ల మీదకు లేబుళ్లు వేయాలన్నా కుదరడం లేదు. ఒక్కో కస్టమర్ ఒక్కో వరుసలోకి రావాలి. ఒకసారి తిప్పేసి పాత షీట్ వదిలేయమంటారా, లేక మాస్టర్ గారు పాత పద్ధతిలోనే కొడుతుంటే కొత్త షీట్ దానంతట అదే మారేలా పెట్టుకోమంటారా? నా దగ్గర ఎక్సెల్ 365 ఉంది.

నాచారం నవీన్:
అక్కా, దీనికింత ఆలోచన ఎందుకు? కొత్త షీట్ల A1ల ఈ ఒక్క ఫార్ములా పెట్టుండ్రి, అయిపోతది.

```
=TRANSPOSE(Sheet1!A1:LA16)
```

మాస్టర్ అక్కడ కొడుతుంటడు, ఇక్కడ మారుతుంటది. కాపీ పేస్ట్ చేస్తే రెండు షీట్లు అయితయి, ఏది కరెక్టో రేపు మీకే తెల్వకుండ పోతది. మా గోడౌన్ల స్టాక్ షీట్ ఇట్లనే నడుస్తున్నది.

లెక్కల పద్మజ:
నవీన్ గారి ఫార్ములా పనిచేస్తుంది, కానీ కొలతల షీట్ మీద పెట్టేముందు ఒకటి చూడాలి. TRANSPOSE ఖాళీ గడిని ఖాళీగా తేదు, 0 అని తెస్తుంది. స్టాక్‌లో ఖాళీకి, సున్నాకి తేడా లేకపోవచ్చు. ఇక్కడ ఉంది. వెనుక మెడ కొలత ఇంకా తీయలేదని మాస్టర్ ఆ గడి ఖాళీగా వదిలేస్తే కొత్త షీట్‌లో 0 కనిపిస్తుంది. కటింగ్ టేబుల్ దగ్గర అది చూసినవాళ్లు క్లోజ్‌డ్ నెక్ అనుకుని గుడ్డ కోస్తారు. ఫార్ములానే వాడాలంటే ఇలా రాయండి:

```
=TRANSPOSE(IF(Sheet1!A1:LA16="","",Sheet1!A1:LA16))
```

ఇంకొకటి, ఫార్ములా విలువను మాత్రమే తెస్తుంది, గడి ఫార్మాట్‌ను తేదు. పాత షీట్‌లో 14 1/2 అని కనిపించే భుజం ఇక్కడ 14.5 అవుతుంది. దానివల్ల నష్టం లేదు. తేదీలు మాత్రం 45383 లాంటి అంకెలుగా కనిపిస్తాయి. అది 2024 ఏప్రిల్ 1. ఆ కాలమ్‌కు తేదీ ఫార్మాట్ పెడితే సరిపోతుంది. అయితే చేతి రకం కాలమ్‌లో కూడా 45385 లాంటి అంకె కనిపిస్తే అక్కడ ఆగండి. మాస్టర్ త్రీ ఫోర్త్ చేతులని 3/4 కొట్టి ఉంటారు, ఎక్సెల్ దాన్ని ఏప్రిల్ 3 చేసేసి ఉంటుంది. ఫార్మాట్ మారిస్తే ఆ 3/4 తిరిగి రాదు. పాత షీట్‌లోనే ఆ గడులు వెతికి, ముందు ఒక కొటేషన్ గుర్తు పెట్టి '3/4 అని మళ్లీ కొట్టాలి.

హాస్టల్ ఉష:
మాదీ ఇదే బాధ. అమీర్‌పేటలో మా హాస్టల్ ఫీజు షీట్‌లో ఒక్కో అమ్మాయికి ఒక వరుస, జనవరి నుంచి డిసెంబర్ దాకా నెలలు అడ్డంగా. తిప్పితే నెలలు కిందకి వచ్చాయి, అమ్మాయిలు అడ్డంగా వెళ్లారు. పివట్ మాత్రం ఇప్పటికీ రావడం లేదు.

ఎమ్ఐఎస్ రఫీ:
ఉష గారూ, మీ షీట్‌లో ఒక్కో అమ్మాయి ఇప్పటికే ఒక్కో వరుసలో ఉంది, దాన్ని తిప్పకూడదు. మీకు కావాల్సింది అమ్మాయి, నెల, ఫీజు అని మూడే కాలమ్‌లు. పవర్ క్వెరీలో పేరు కాలమ్ సెలెక్ట్ చేసి Unpivot Other Columns నొక్కండి, పివట్ వస్తుంది.

ఇక బొటిక్ గారి విషయం. నేను రెండో పక్షం: పాత షీట్ ఉంచండి, కానీ ఫార్ములాతో వద్దు, పవర్ క్వెరీతో తిప్పండి. నవీన్ రాసిన A1:LA16 అక్కడితో ఆగిపోతుంది. రేపు మాస్టర్ LBలో కొత్త కస్టమర్‌ను కొడితే ఫార్ములాకు ఆమె కనిపించదు. పాత డేటాను టేబుల్ చేస్తే పక్క కాలమ్‌లో కొట్టగానే టేబుల్ తనంతట సాగుతుంది.

పద్ధతి ఇది. డేటా సెలెక్ట్ చేసి Data > From Table/Range. అక్కడ "My table has headers" టిక్ తప్పకుండా తీసేయండి. ఉంచితే మొదటి వరుసలోని కస్టమర్ పేర్లు టేబుల్ హెడర్లవుతాయి. ఒకే పేరు రెండు హెడర్లకు ఉండకూడదు కాబట్టి ఇద్దరు లక్ష్ములుంటే రెండో ఆమెను ఎక్సెల్ లక్ష్మి2 చేసేస్తుంది. పైగా క్వెరీలో Transpose నొక్కితే హెడర్లు రాలిపోతాయి, అంటే పేర్లన్నీ పోతాయి. టిక్ తీశాక క్వెరీలో తనంతట చేరే Changed Type స్టెప్ తొలగించండి. అది ప్రతి కాలమ్‌ను పేరుతో గుర్తుపెట్టుకుంటుంది, రేపు మాస్టర్ ఒక కాలమ్ తీసేస్తే ఎర్రర్ ఇస్తుంది. తర్వాత Transform > Transpose, ఆపైన Use First Row as Headers, Close & Load. ఇక్కడ సున్నాల బాధ లేదు, ఖాళీ ఖాళీగానే వస్తుంది. మార్పులు చేసినప్పుడల్లా Refresh All నొక్కాలి, అంతే.

లెక్కల పద్మజ:
రఫీ గారి స్టెప్పుల్లో తప్పేమీ లేదు, టిక్ సంగతి చెప్పడం మంచిదైంది. నా అభ్యంతరం రెండు షీట్లు ముడిపెట్టి ఉంచడం మీదే. బొటిక్ గారూ, కొత్త షీట్‌ను మీరు చూస్తారా, దానిలో పని కూడా చేస్తారా? రెడీ అయింది, డెలివరీ ఇచ్చాం, కస్టమర్ ఫోన్ ఎత్తలేదు లాంటివి పక్కన రాసుకుంటారా?

కొత్తపేట బొటిక్:
రాస్తామండి. పక్కనే రెండు మూడు కాలమ్‌లు పెట్టుకుందామనుకున్నాను. బాకీ ఎక్కువ ఉన్నవాళ్లు పైకి వచ్చేలా సార్ట్ కూడా చేయాలి. ఇంకోటి, మొత్తం వరుసలో లైనింగ్ ఛార్జీ కోసం $A$20 గడిని చూసే ఫార్ములా ఉంది.

లెక్కల పద్మజ:
అలాగైతే ముడి వద్దు. నవీన్ గారి ఫార్ములాతో వచ్చిన వరుసలను సార్ట్ చేయబోతే ఎక్సెల్ ఒప్పుకోదు. అంతకన్నా పెద్ద ప్రమాదం పక్క కాలమ్‌లలో ఉంది. Q కాలమ్‌లో 45వ వరుసలో "డెలివరీ ఇచ్చాం" అని మీరు రాశారనుకోండి. మాస్టర్ పాత షీట్‌లో అంతకు ముందు ఒక కాలమ్ చేర్చినా, తీసేసినా దాని తర్వాతి కస్టమర్లందరూ ఒక వరుస జరుగుతారు. మీరు రాసింది మాత్రం 45లోనే ఉండిపోతుంది. బ్లౌజ్ ఇవ్వని మనిషికి ఇచ్చినట్టు పడుతుంది, ఎక్కడా ఎర్రర్ రాదు. పవర్ క్వెరీ టేబుల్ పక్కన చేత్తో రాసుకున్న దానికీ రిఫ్రెష్ తర్వాత ఇదే గతి. ముడిపెట్టిన షీట్ చదువుకోవడానికి, ప్రింట్‌కు, మెయిల్ మెర్జ్‌కు బాగుంటుంది, రాసుకోవడానికి కాదు.

అందుకే ఒకేసారి తిప్పండి. పైన కలిపేసిన టైటిల్ గడులుంటే ముందు విడదీయండి. A1:LA16 కాపీ చేసి, కొత్త షీట్ A1లో Ctrl+Alt+V నొక్కి, "Values and number formats" ఎంచుకుని, కింద Transpose టిక్ పెట్టండి. మామూలుగా అన్నీ పేస్ట్ చేస్తే మీ మొత్తం ఫార్ములాలో $A$20 అలాగే ఉండిపోతుంది, కొత్త షీట్‌లో A20 అంటే ఎవరో కస్టమర్ పేరు. విలువలుగా తెచ్చాక బాకీ ఒక్కటి P2లో =N2-O2 అని కొత్తగా రాసి కిందకి లాగండి. పాత షీట్‌ను తీసేయకండి, ప్రొటెక్ట్ చేసి పక్కన పెట్టండి.

సరిగ్గా వచ్చిందో లేదో చూడటానికి, చెస్ట్ ఆరో వరుస కాబట్టి కొత్త షీట్‌లో F కాలమ్ అవుతుంది. ఇది సున్నా రావాలి:

```
=SUM(Sheet1!B6:LA6)-SUM(F2:F313)
```

తిప్పడంలో ఏదీ పోలేదని మాత్రమే ఇది చెబుతుంది. మాస్టర్ ఏదైనా కాలమ్‌లో ఒక గడి కిందకో పైకో కొట్టి ఉంటే అది ఇందులో బయటపడదు. దానికి F కాలమ్‌ను చిన్నది నుంచి పెద్దదికి సార్ట్ చేయండి. చెస్ట్ దగ్గర 14 కనిపిస్తే అది భుజం కొలత, ఆ కస్టమర్ కొలతలన్నీ ఒక గడి జరిగి ఉన్నాయన్నమాట. అడ్డంగా ఉన్నప్పుడు ఈ తప్పు కంటికి ఆనదు.

ఎమ్ఐఎస్ రఫీ:
పక్కన రాసుకునే సంగతి నిజమే, ఒప్పుకుంటాను. కానీ మాస్టర్ గారి సంగతేంటి? టేపు చేతిలో పట్టుకుని కొట్టే మనిషికి పైనుంచి కిందకి వెళ్లడమే తేలిక. 16 కాలమ్‌లు పక్కకి జరుపుకుంటూ కొట్టమంటే రెండో రోజే పుస్తకానికి వెళ్లిపోతారు. మా ఆఫీసులో మంచి షీట్లు ఇలాగే మూలపడ్డాయి. కావాలంటే మీ డెలివరీ నోట్‌ను కూడా పాత షీట్‌లోనే 17వ వరుసగా పెట్టండి, ముడి నిలబడుతుంది.

లెక్కల పద్మజ:
17వ వరుస ఆలోచన బాగుంది, రాసేది మాస్టర్ ఒక్కరే అయితే. ఇక్కడ డెలివరీ రాసేది కౌంటర్ మనిషి, ఆమె 300 కాలమ్‌లు జరుపుకుంటూ వెతకాలి. మాస్టర్ గారికి నిలువు వరుసే కావాలంటే ఎక్సెల్‌లో Form అనే పాత ఆదేశం ఉంది. Quick Access Toolbarలో All Commands నుంచి దాన్ని చేర్చుకోవాలి. కొత్త షీట్‌లో ఏదో ఒక గడిలో ఉండి నొక్కితే ఒక కస్టమర్ కొలతలన్నీ పుస్తకంలో లాగే ఒకదాని కింద ఒకటి వస్తాయి. New నొక్కి కొడితే కింద కొత్త వరుసగా చేరుతుంది. 32 కాలమ్‌ల దాకా పనిచేస్తుంది, మీకున్నవి 16, కొత్తవి రెండు మూడు చేర్చినా సరిపోతుంది.

నాచారం నవీన్:
మాస్టర్ ట్యాబ్ మీద కొడితే? Form ట్యాబ్‌ల రాదు కదా మేడమ్.

కొత్తపేట బొటిక్:
మాస్టర్ గారు షాపులో కంప్యూటర్ మీదే కొడతారు, ఇళ్లకు వెళ్లినప్పుడు మాత్రం ట్యాబ్. పద్మజ గారు చెప్పినట్టే తిప్పాను. మొత్తాల తేడా సున్నా వచ్చింది. చేతి రకంలో చాలాచోట్ల 03-Apr అని ఉంది, అవన్నీ 3/4 చేస్తున్నాను. చెస్ట్ సార్ట్ చేస్తే పైన ఇద్దరికి 14, 13.5 ఉన్నాయి, పుస్తకం తీసి చూడాలి. ట్యాబ్ మీద కొట్టిన వాటిని ఏం చేయాలో ఇంకా తేలలేదు. ఇంకో చిక్కు కూడా: ఒకే కస్టమర్ ఆరు నెలల తర్వాత వస్తే మాస్టర్ మళ్లీ కొలిచి వేరే కాలమ్ పెట్టారు. ఇప్పుడు ఆమెకు రెండు వరుసలు. పాతది తీసేయనా?

ఎమ్ఐఎస్ రఫీ:
తీసేయకండి. తేదీ కాలమ్ ఉంది కదా, కొత్త తేదీ వరుసనే వాడండి.

లెక్కల పద్మజ:
నేనైతే వేరు చేస్తాను: పేరు, ఫోన్ ఒక షీట్‌లో, కొలతలు తేదీతో ఇంకో షీట్‌లో, రెండింటికీ ఫోన్ నంబరే తాళం. ఒకే నంబర్ మీద అమ్మా కూతుళ్ల కొలతలున్న చోట అది సరిపోదు, అక్కడ కస్టమర్ నంబర్ మీరే వేసుకోవాలి. లేబుళ్లు వేసేముందు మాత్రం రెండు వరుసలున్నవాళ్లను ఫిల్టర్ చేసి చూడండి, లేకపోతే ఒకరికి రెండు కవర్లు వెళ్తాయి.